సంక్రాంతి ముందు రిలీజ్: నేను మార్చింది

విశాఖలోని మా సాఫ్ట్‌వేర్ టీమ్‌కి క్లయింట్ పెట్టే ఇయర్ ఎండ్ ఫ్రీజ్ జనవరి 4 దాకా ఉంటుంది, అన్నాళ్లూ కొత్త మార్పులేవీ వదలకూడదు. అప్పటిదాకా ఆగిన 23 మార్పులను పోయినేడు 10న ఒకేసారి వదిలాం. మర్నాడే బిల్లింగ్ ఆగిపోయింది. సగం మంది అప్పటికే శ్రీకాకుళం వైపు ఊళ్లకు బయల్దేరారు. వెనక్కి తీసుకుందామంటే, పాత కోడ్‌కి కావాల్సిన కాలమ్‌ని అదే రిలీజ్ డేటాబేస్‌లోంచి తీసేసింది. భోగి తెల్లవారేదాకా టెన్షనే.

ఈసారి ఆగిన మార్పులను 5, 7, 9 తేదీల్లో మూడు చిన్న రిలీజులుగా పంపాను. 10 నుంచి కనుమ వెళ్లి అందరూ తిరిగొచ్చేదాకా మా సొంత ఫ్రీజ్. కాలమ్‌లు తీసేసే పనులన్నీ ఆ తర్వాతికి జరిపాను. ఖాళీగా ఉండగలిగే కొత్త కాలమ్ చేర్చడం మాత్రం ముందే చేయొచ్చు, పాత కోడ్‌కి సాధారణంగా అడ్డు రాదు.

9న మళ్లీ బిల్లులో తేడా వచ్చింది. ఆ రిలీజులో ఉన్నవి ఏడే మార్పులు. పావుగంటలో పాత వెర్షన్‌కి వెళ్లిపోయాం.