నైట్ డ్యూటీ నర్సుకి వాచీ కొనేటప్పుడు

ముందు సెకన్ల ముల్లు చూడండి. గంటకు 100 మి.లీ. సెలైన్, మి.లీ.కి 20 చుక్కలు పడే సెట్టు అయితే నిమిషానికి 33 చుక్కలు పడాలి, అంటే 15 సెకన్లకు ఎనిమిది. చుక్కల గదినీ ముల్లునీ ఒకే చూపులో పట్టుకోవాలి కాబట్టి తెల్ల డయల్ మీద ఎర్ర ముల్లు, 60 గీతలూ, పెద్ద అంకెలూ ఉన్నదే మేలు. వెండిరంగు ముల్లు వార్డులో లైట్లు తగ్గించాక కనపడదు. నెల్లూరు ట్రంకురోడ్డు షాపుల్లో లైట్ల వెలుగుకి అన్నీ బాగానే కనపడతాయి; డయల్‌కి చెయ్యి అడ్డం పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. రేడియం మెరుపును నమ్ముకోవద్దు, మామూలు వాచీల్లో తెల్లారేలోపు మందగిస్తుంది.

పట్టీ సిలికాన్‌దే తీసుకోండి. తోలు శానిటైజర్‌కి పగులుతుంది, గుడ్డపట్టీ తడి పీల్చుకుని మణికట్టు దురద పెడుతుంది. వెనక 50 మీటర్లని రాసి ఉంటే సబ్బుతో కడగొచ్చు, కీ మాత్రం పూర్తిగా లోపలికి నొక్కి ఉండాలి. అద్దం లోపల ఆవిరి కనపడిందంటే రబ్బరు రింగు పోయినట్టే. బ్యాటరీ మార్చినప్పుడల్లా ఆ రింగు కూడా చూడమని అడగండి. చేతికి ఏదీ పెట్టుకోనివ్వని వార్డుల్లో ఇదే డయల్ ఉన్న, జేబుకి తగిలించే వాచీ వాడండి.