పదాలు వరసగా తగ్గని ఆల్టర్నేటింగ్ సిరీస్‌ను తేల్చడం ఎలా?

కావలసినవి కాగితం, పెన్ను, స్కూల్లో నేర్చుకున్న (a+b)(a−b) = a²−b². అంతే. లెక్క ఇదీ, n = 2 నుంచి మొదలు:

```
Σ (-1)^n / (√n + (-1)^n)
```

మొదటి అడుగు. గుర్తు పక్కన పెట్టి, మిగిలినదాన్ని aₙ = 1/(√n + (-1)^n) అని రాసుకోండి. అన్నీ ధన సంఖ్యలే, n పెరిగితే సున్నాకు పోతాయి. ఇక్కడిదాకా ఎవరూ తప్పు చేయరు.

రెండో అడుగు. aₙ తగ్గుతూ పోతోందా? "తగ్గుతోందని స్పష్టమే" అని ఒక ముక్క రాసేసి లైబ్నిజ్ టెస్ట్ పెట్టేవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది. నాలుగు విలువలు వేసి చూడండి: 0.414, 1.366, 0.333, 0.809. ఒకసారి పడుతోంది, ఒకసారి లేస్తోంది, ఎంత దూరం వెళ్లినా ఇదే వరస. మొదట్లో కొన్ని పదాలు అటూ ఇటూ అయి తర్వాత తగ్గితే ఇబ్బంది లేదు, టెస్ట్ పనిచేస్తుంది. ఇది అలాంటిది కాదు.

టెస్ట్ పనిచేయలేదంటే సిరీస్ అపసరిస్తుందని రాసేయకండి, అది రెండో రకం తప్పు. టెస్ట్ ఏమీ చెప్పలేదు, అంతే. అసలు ఆ షరతు ఎందుకుందంటే, పదాలు తగ్గుతుంటే సరి సంఖ్య పదాల మొత్తాలు ఒక వైపు నుంచి, బేసి సంఖ్య పదాల మొత్తాలు ఇంకో వైపు నుంచి ఒకే చోటికి దగ్గరవుతాయి. తగ్గకపోతే ప్రతి జంటా ఒకే గుర్తుతో కొంచెం శేషం వదిలిపోవచ్చు. పదాలు సున్నాకు పోతున్నాయన్నది ఆ శేషాలు పోగుపడకుండా ఆపలేదు.

మూడో అడుగు, అసలు పని. ఆ శేషాన్ని బయటికి లాగాలి. లవాన్నీ హారాన్నీ √n − (-1)^n తో గుణించండి:

```
(-1)^n √n/(n-1)  -  1/(n-1)
```

మొదటి ముక్కలో √n/(n−1) నిజంగానే తగ్గుతుంది, ఎందుకంటే x/(x²−1) అనేది x > 1 అయినప్పుడు తగ్గే ఫలనం, ఇక్కడ x = √n. ఈ ఒక్క వాక్యం రాయండి, మానకండి. లైబ్నిజ్ టెస్ట్ ఇప్పుడు న్యాయంగా పనిచేస్తుంది, ఆ ముక్క అభిసరిస్తుంది. రెండోది హార్మోనిక్ సిరీస్, అపసరిస్తుంది. ఒకటి అభిసరించి ఇంకోటి అపసరిస్తే మొత్తం అపసరించక తప్పదు. మొత్తాలు −∞ వైపు జారతాయి, కానీ log వేగంతో, అందుకే కాలిక్యులేటర్లో కొన్ని పదాలు కలిపి చూస్తే ఎక్కడో ఆగేలాగే కనిపిస్తుంది.

జాగ్రత్త పడాల్సినవి ఇక్కడే రెండు ఉన్నాయి. ఒకటి, "n పెద్దదైతే హారంలో (-1)^n లెక్కలోకి రాదు, కాబట్టి ఇది Σ(-1)^n/√n లాంటిదే" అనే వాదన. నిష్పత్తి 1 కి పోతుంది, నిజమే, ఆ రెండో సిరీస్ అభిసరిస్తుంది కూడా. కానీ లిమిట్ కంపారిజన్ ఒకే గుర్తున్న పదాలకే చెల్లుతుంది, గుర్తులు మారే చోట చెల్లదు. మన లెక్కే దానికి సాక్ష్యం. రెండు, విడగొట్టాక వచ్చిన రెండు ముక్కలూ అపసరిస్తే ఏమీ తేలనట్టే, ఇంకోలా విడగొట్టాలి.

జంటలుగా కలిపి చేసేవాళ్లున్నారు. పదాలు సున్నాకు పోతుంటే ఆ పద్ధతీ తప్పు కాదు, కానీ √(2k+1)−√(2k) లాంటివి పట్టుకుని సగం పేజీ నింపుతారు, పైగా పదాలు సున్నాకు పోవాలన్న షరతు రాయడం మరచిపోతారు. గుణించి విడగొట్టడమే పద్ధతి.

నాలుగో అడుగు. √n బదులు n^p (p > 0) పెట్టి ఇదే చేస్తే శేషం 1/(n^(2p)−1) అవుతుంది. అంటే p > 1/2 అయితే అభిసరణ, లేకపోతే అపసరణ. √n సరిగ్గా గట్టు మీదుంది కాబట్టే ఈ లెక్క పరీక్షల్లో ఇవ్వడానికి బాగుంటుంది.

p = 1 చూద్దాం. పదాలు 1/3 − 1/2 + 1/5 − 1/4 + …, ఇక్కడా వరసగా తగ్గడం లేదు, అయినా అభిసరిస్తుంది. జంటల్లో స్థానాలు మార్చి చూస్తే మొత్తం ln 2 − 1, అంటే దాదాపు −0.307. అభిసరించింది కదా అని "మిగిలిన తప్పు తర్వాతి పదం కంటే తక్కువ" అన్న అంచనాను కూడా వాడేయకండి, అది తగ్గే పదాలకే. ఒక్క పదం దగ్గర ఆగితే మన దగ్గరున్నది 0.333, తేడా 0.640, తర్వాతి పదం 0.5 మాత్రమే. అంచనా కావాలంటే విడగొట్టిన రెండు ముక్కలకూ విడివిడిగా వేసుకుని కలపాలి.