రిటర్న్ తర్వాత రీఫండ్ తక్కువగా వచ్చిందా? క్యాష్‌బ్యాక్ లెక్క ఇలా చూసుకోండి

సమస్య

విజయనగరంలో ఉండే మా పిన్ని 3,800 రూపాయల మిక్సీ, 1,700 రూపాయల కుక్కర్ ఒకే ఆర్డర్‌లో కొన్నది. 5,000 దాటితే క్రెడిట్ కార్డుపై 10 శాతం క్యాష్‌బ్యాక్ అని చెక్‌అవుట్‌లో చూపించారు. అంటే 550 రూపాయలు. కుక్కర్ మూత సరిగా పట్టక వెనక్కి పంపింది. రీఫండ్ 1,150 మాత్రమే వచ్చింది.

ఎందుకిలా

కుక్కర్ పోగా ఆర్డర్ విలువ 3,800కి పడిపోయింది. 5,000 షరతు తప్పింది కాబట్టి మొత్తం 550 తీసేశారు. ఇలాంటి షరతు చాలా ఆఫర్లలో ఉంటుంది, ఆఫర్ నిబంధనల్లో రాసి ఉంటే కోతను తప్పుపట్టలేం.

కానీ అసలు చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఆ 550 పిన్నికి ముందు వచ్చిందా? క్యాష్‌బ్యాక్ చాలాసార్లు రెండు మూడు నెలల తర్వాతే కార్డులో పడుతుంది. అది ఇంకా రాకముందే రీఫండ్‌లో కోసేస్తే, ఇవ్వని డబ్బును వెనక్కి తీసుకున్నట్టే. పిన్ని కార్డు స్టేట్‌మెంట్లు రెండు నెలలవి చూశాం, ఎక్కడా 550 జమ కాలేదు. ఆ తర్వాత కూడా జమ కాకపోతే ఇది తప్పు కోతే.

చెక్‌అవుట్‌లోనే ధర తగ్గించే ఇన్‌స్టంట్ డిస్కౌంట్ అయితే లెక్క వేరు. ఆ తగ్గింపు ఇన్‌వాయిస్‌లోనే కనిపిస్తుంది, కాబట్టి మీరు కట్టినదాన్ని బట్టే రీఫండ్ వస్తుంది. ముందు ఇన్‌వాయిస్ తెరిచి మీది ఏ రకమో తేల్చుకోండి.

రిటర్న్ చేయకుండానే క్యాష్‌బ్యాక్ రాలేదంటే, నిబంధనల్లో ఇచ్చిన గడువు దాటిందా, ఆ కార్డుతోనే కట్టారా, ఈఎంఐకి మాత్రమే ఉన్న ఆఫరా అన్నవి చూస్తే సాధారణంగా కారణం దొరుకుతుంది.

ఏం చేయాలి

ఇన్‌వాయిస్, రీఫండ్ వివరాలు, ఆఫర్ నిబంధనలు, ఆర్డర్ చేసిన రోజు నుంచి నేటి వరకు కార్డు స్టేట్‌మెంట్లు ఒకచోట పెట్టండి. చాట్‌లో కాకుండా, ఆ సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ రాయండి. మాట సూటిగా ఉండాలి: "1,700 రీఫండ్‌లో 550 కోశారు. ఆ 550 నా కార్డులో ఎప్పుడూ జమ కాలేదు. జమ చేసిన తేదీ చూపండి, లేదా 550 తిరిగి ఇవ్వండి." తేదీ అడగడమే ఇందులో బలం. జమ చేయనప్పుడు వాళ్ల దగ్గర చూపడానికి తేదీ ఉండదు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కాకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆఫర్ ఇచ్చింది బ్యాంకే అయితే ముందు బ్యాంకుకి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో ఆర్‌బీఐ ఆంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు.

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు ఏ బెంగళూరులోనో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే, శ్రీకాకుళమైనా విజయనగరమైనా, కేసు వేయొచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు.