నాన్న టేపులు ప్లేయర్‌లో పెట్టే ముందు

విశాఖ ఉప్పుగాలికి బీరువాలో బట్టలకే చెమ్మ పడుతుంది, ఇక క్యాసెట్లెంత. నాన్న దాచిన వీహెచ్‌ఎస్ టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ నేర్చుకున్నవి ఇవి.

- క్యాసెట్ కిటికీలోంచి రీలు అంచు చూడండి. తెల్లటి పొడి, మచ్చలు ఉంటే అది బూజు. దాన్ని ప్లేయర్‌లో పెట్టొద్దు. హెడ్‌కి అంటుకుని తర్వాతి టేపుకీ పాకుతుంది.

- ప్లేయర్‌ని ముందు పోయినా ఫర్వాలేదనుకునే టేపుతో పరీక్షించండి.

- మొదటి కాపీ ఉన్నది ఉన్నట్టే తీయండి: 720x576, ఇంటర్‌లేస్డ్, సెకనుకు 25 ఫ్రేములు. మెరుగులన్నీ దాని నకలు మీదే.

- ముఖాల జోలికి వెళ్లేముందు ఆగండి. ఆర్కే బీచ్‌లో మామయ్య తీసిన ఓ షాట్‌లో నాన్న దూరంగా నిలబడి ఉంటారు, ముఖం గోరంత. ఏఐ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే తళతళలాడుతూ వచ్చింది. అమ్మ చూసి, "బాగుంది గానీ, ఈయనెవర్రా?" అంది. కనుబొమ్మ మీది గాటు మాయం, మీసం వేరు. టేపులో లేని వివరాన్ని అది తాను నేర్చుకున్న వేరేవాళ్ల ముఖాలను బట్టి ఊహించి నింపింది.

కదలికలో కనిపించే దువ్వెన పళ్లలాంటి గీతలు మాత్రం నిజంగానే పోతాయి. ఇంటర్‌లేస్డ్ అంటే ఒక్కో ఫ్రేములో రెండు వేర్వేరు క్షణాల సగం సగం గీతలుంటాయి కాబట్టి, వాటిని ffmpeg అనే ప్రోగ్రామ్‌తో విడదీస్తే సెకనుకు 50 ఫ్రేములొస్తాయి:

```
ffmpeg -i asalu.avi -vf bwdif nakalu.mp4
```

రంగు తేడా, కొంత గరుకుదనం కూడా సరిచేయొచ్చు. ఆ ముఖం షాట్‌ని మాత్రం మసగ్గానే ఉంచేశాను.