దోసె పెనం నుంచి సీలింగ్ ఫ్యానుకు: మ్యాచ్ కట్ ఎలా చేయాలి?

నెల్లూరులో అమ్మ పెనం మీద దోసె పోస్తోంది. గరిటె మధ్యలోంచి అంచు వైపు గుండ్రంగా తిరుగుతోంది. ఆ తిరుగుడు ఇంకా ఆగకముందే అదే చోట, అంతే సైజులో, అంతే వేగంతో బెంగళూరు పీజీ గదిలో ఫ్యాను తిరుగుతూ కనిపిస్తుంది. కింద ఆ దోసెను కలగంటున్న కొడుకు కళ్లు తెరుస్తాడు. ఒక షాట్‌లోని ఆకారమో కదలికో తర్వాతి షాట్‌లోనూ కొనసాగినట్టు కలిపే ఇలాంటి కట్‌నే మ్యాచ్ కట్ అంటారు. మేము తీసిన పొట్టి సినిమాలో నాకు చాలా ఇష్టమైన కట్ ఇది. ఆకారం, కదలిక, ఫ్రేములో చోటు మూడూ కలవాల్సిన కట్ కాబట్టి, ఇదొక్కటి అర్థమైతే మిగతా మ్యాచ్ కట్‌లు సులువవుతాయి.

నెల్లూరు వంటిల్లంటే నిజానికి బెంగళూరులోనే రామమూర్తినగర్‌లో మా స్నేహితుడి అమ్మగారి వంటిల్లే. పీజీ మాత్రం మారతహళ్లిలోనిది.

కొలత ముందు, షూటింగ్ తర్వాత

పెనం అడ్డకొలత ఒక అడుగు, అంటే దాదాపు 30 సెంటీమీటర్లు. మన ఇళ్లలో మామూలుగా ఉండే ఫ్యాను రెక్కలు తిరిగే గుండ్రం అడ్డకొలత 120 సెంటీమీటర్లు. అంటే ఫ్యాను పెనానికి నాలుగింతలు. ఒకే లెన్సుతో తీస్తే, నాలుగింతలు పెద్ద వస్తువు తెరమీద అంతే సైజులో కనిపించడానికి నాలుగింతల దూరం వెళ్లాలి. పెనానికి 60 సెంటీమీటర్ల ఎత్తున ఫోన్ పెడితే, ఫ్యానుకు 240 సెంటీమీటర్ల కింద పెట్టాలి. సాధారణంగా ఫ్యాను నేల నుంచి ఎనిమిది అడుగుల ఎత్తులో ఉంటుంది, అదీ సుమారు అంతే. మంచం పక్కకు జరిపి ఫోన్‌ను కెమెరా పైకి చూసేలా నేలమీద పెడితే సరిపోయింది. మీ గదిలో టేపుతో కొలిచి చూసుకోండి. రెండు చోట్లా జూమ్ మాత్రం ముట్టుకోవద్దు.

మొదటి షాట్

ఫోన్‌ను పెనానికి సరిగ్గా నిట్టనిలువుగా పైన బిగించాలి. కొంచెం వాలినా పెనం కోడిగుడ్డులా సాగిపోతుంది, ఫ్యాను గుండ్రంతో ఇక కలవదు. ఆవిరి లెన్సు మీద పట్టేస్తుంది కాబట్టి ప్రతి దోసెకూ ముందు తుడవాలి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైటు కింద ఈ షట్టర్‌తో ఫ్రేము మినుకుమినుకుమనదు.

గరిటె తిప్పడంలో దోసె పోసే ఆవిడకు ఏ సూచనా ఇవ్వకండి. అలవాటైన చెయ్యి ఎప్పుడూ దాదాపు ఒకే వేగంతో తిరుగుతుంది. మా ఆంటీ చెయ్యి రౌండుకు ఒక సెకను తీసుకుంది, గడియారం ముల్లు తిరిగే వైపే తిరిగింది. ఈ రెండు సంగతులూ రాసిపెట్టుకోండి.

తర్వాత తీసిన వీడియోను ఫోన్‌లో పాజ్ చేసి, తెరమీద పల్చటి ప్లాస్టిక్ షీటు పరిచి, మార్కర్‌తో పెనం అంచునూ నడిమి చుక్కనూ గీసుకోండి. ఇదే షీటు పీజీకి తీసుకెళ్లాలి. కెమెరా తెరమీద పరిచి, ఫ్యాను నడిమి గిన్నె చుక్క మీదకు, రెక్కల కొసలు గీత మీదకు వచ్చేదాకా ఫోన్ జరపాలి.

ఫ్యాను మొండికేసే చోటు

మొదటిసారి మేము ఫ్యాను ఫుల్ స్పీడులో పెట్టి తీశాం. ఇంటికొచ్చి చూస్తే రెక్కలు మసకమసకగా, వెనక్కి పాకుతున్నట్టు ఉన్నాయి. కారణం లెక్కలో ఉంది. ఫ్యాను నిమిషానికి 350 చుట్లు తిరుగుతోందనుకోండి. 25 ఫ్రేముల కెమెరాకు ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకు రెక్క 84 డిగ్రీలు జరుగుతుంది. కానీ మూడు రెక్కలూ ఒకేలా 120 డిగ్రీల ఎడంలో ఉంటాయి. కంటికి ఏ రెక్క ఏదో తెలియదు, దగ్గరున్న రెక్కే జరిగిందనుకుంటుంది. అందుకే 84 ముందుకు జరిగినది 36 వెనక్కి జరిగినట్టు కనిపిస్తుంది.

రెక్క సెకనుకు ఒక చుట్టు తిరిగితే ఫ్రేముకు జరిగేది 14 డిగ్రీలే. అప్పుడు కదలిక నున్నగా ఉంటుంది, గరిటె వేగమూ అదే. రెగ్యులేటర్‌ను ఒకటిలో పెట్టినా ఫ్యాను మాకు కావలసినంత నెమ్మదించలేదు. అందుకని రికార్డింగ్ మొదలుపెట్టి స్విచ్ కట్టేసి, ఫ్యాను దానంతటదే ఆగేదాకా తీశాం. అందులో ఎక్కడో ఒకచోట సెకనుకు ఒక చుట్టు తిరిగే ముక్క తప్పక ఉంటుంది. ఒకే రెక్క మళ్లీ అదే చోటికి రావడానికి 25 ఫ్రేములు పట్టిన చోటును ఎడిటింగ్‌లో లెక్కపెట్టి పట్టుకోవచ్చు.

దీనివల్ల కథకూ మేలు జరిగింది. ఫ్యాను నెమ్మదించడానికి కారణం కావాలి కదా, కరెంటు పోయిందని రాసుకున్నాం. ఉక్కకు కుర్రాడికి మెలకువ వచ్చింది, కలలో దోసె అక్కడే ఆగిపోయింది.

దిశ తిప్పడం

కింద నుంచి చూస్తే మన ఫ్యాన్లు సాధారణంగా గడియారానికి ఎదురు తిరుగుతాయి. గరిటె అటు, ఫ్యాను ఇటు అయితే కట్ దగ్గర చూసేవాడి కన్ను తడబడుతుంది. ఎడిటింగ్‌లో ఒక షాట్‌ను అద్దంలో చూసినట్టు కుడిఎడమలు ఫ్లిప్ చేయాలి. ఫ్లిప్ చేయాల్సింది ఫ్యాను షాట్‌నే. దోసె షాట్‌ను తిప్పితే అమ్మ ఎడమచేత్తో గరిటె పట్టుకున్నట్టు అవుతుంది, మిగతా సీనులో ఆవిడది కుడిచెయ్యి. ఫ్యాను షాట్‌లోనూ ఒక చిక్కుంది. కిటికీ వెలుగు కుడి నుంచి వస్తుంటే తిప్పాక ఎడమ నుంచి వస్తుంది. తర్వాతి షాట్‌లో కుర్రాడి ముఖం మీద వెలుగు ఏ వైపు పడాలో దీన్ని బట్టే పెట్టుకోవాలి. ఫ్యాను గిన్నె మీద కంపెనీ పేరుంటే షూటింగ్‌కు ముందే కాగితం అంటించండి.

కట్ చేసే ఫ్రేము

రెండు క్లిప్‌లను ఒకదాని మీద ఒకటి పెట్టి, కిందిది కూడా కనిపించేలా పైదాని ఒపాసిటీ సగానికి తగ్గించండి. రెండు గుండ్రాలూ ఒకటయ్యేదాకా ఫ్యాను క్లిప్‌ను జరపండి, కొంచెం పెంచండి. ఎక్కువ పెంచితే బొమ్మ చెదురుతుంది. 4కేలో తీసి 1080లో ఎడిట్ చేస్తే రెండింతలదాకా భయం లేదు.

ఇప్పుడు గరిటె చివరి రౌండులో, అంచు దగ్గర తిరుగుతున్న చోటికి వెళ్లండి. చెయ్యి ఆగాక కట్ చేస్తే ఫలితం ఉండదు. ఆ కదలికే చూపును ఇవతలి గదిలోకి లాక్కొస్తుంది. మేము గరిటె మూడు గంటల ముల్లు చోట ఉన్నప్పుడు కట్ చేశాం. ఫ్యాను మొదటి ఫ్రేములో రెక్క సరిగ్గా అదే చోట ఉంటే చాలనుకున్నాం, కానీ ఆడించి చూస్తే చిన్న కుదుపు. రెండు ఫ్రేముల్లోనూ చోటు ఒకటే అయితే కదలిక ఒక ఫ్రేముసేపు ఆగినట్టే. రెక్క ఆ 14 డిగ్రీలు ముందుకు జరిగిన ఫ్రేము నుంచి మొదలుపెట్టగానే కుదుపు పోయింది. ఒక షాట్ మెల్లగా ఇంకోదానిలో కరిగిపోయే డిజాల్వ్ వేయకండి, రెండు గుండ్రాలూ కలిసి మసకబారిపోతాయి.

శబ్దాన్ని బొమ్మతోపాటే కట్ చేయకుండా, ఫ్యాను కిర్రుమనే చప్పుడును ఐదారు ఫ్రేముల ముందే, గరిటె గీరుడు కింద మెల్లగా మొదలుపెట్టండి.

చివరికి సినిమా సంగతి తెలియని ఒకరికి ఫోన్‌లో చూపించి, కట్ దగ్గర ఎక్కడ చూస్తున్నారో అడగండి. మా పక్క గదిలోని అన్నయ్య "గరిటెనే చూస్తున్నా, ఇంతలో ఫ్యాను వచ్చేసింది" అన్నాడు. ఎవరైనా పొయ్యి మంటనో గోడనో చూశామంటే, ఆ వెలుగును తగ్గించి మళ్లీ చూపించండి.