టీబీ మందులు, కాలేయం – 4వ పాఠం: తాగినవారికి వాంతి అయితే

గత పాఠంలో మొదటి రెండు నెలలు వాడే నాలుగు మందులు చూశాం. వాటిలో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని దెబ్బతీయగలవు. ఇథాంబుటాల్‌తో ఆ భయం దాదాపు లేదు.

ఐసోనియాజిడ్‌ను కాలేయం విడగొట్టేటప్పుడు కొంత విషపదార్థం పుడుతుంది. మామూలుగా కాలేయంలోని గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం దాన్ని అణిచేస్తుంది. రోజూ మద్యం తాగేవారిలో ఆ విషాన్ని తయారుచేసే ఎంజైమ్ పెరిగి, గ్లూటాథయోన్ తరిగిపోతుంది. అందుకే మాత్ర పొద్దున, మద్యం రాత్రి అని వేళలు మార్చుకున్నా లాభం లేదు. పెరిగిన ఎంజైమ్ తెల్లారేసరికి తగ్గిపోదు.

అసలు చిక్కు మరొకటి. మందుల వల్ల కాలేయం వాచినప్పుడు మొదట కనిపించేవి వికారం, వాంతి, ఆకలి లేకపోవడం, నీరసం. రాత్రి తాగినవారికి పొద్దున ఉండేవీ ఇవే. 'నిన్నటి తాగుడు ప్రభావం' అనుకుని మాత్ర మింగేస్తారు. కాలేయం చెడుతున్నప్పుడు అలా వేసుకునే ఒక్కో మోతాదూ ప్రమాదమే.

ఒక ఉదాహరణ చూద్దాం. చికిత్స మొదలైన ఐదో వారంలో ఒకరికి రెండు రోజులుగా వాంతులు. రక్తపరీక్షలో, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ అనే ఎంజైమ్ 140. ల్యాబ్ గరిష్ఠ పరిమితి 40 అనుకుంటే, మూడు రెట్లు 120, ఐదు రెట్లు 200. లక్షణాలుంటే మూడు రెట్లు దాటగానే డాక్టర్లు మందులు ఆపుతారు. లక్షణాలేమీ లేకపోతే ఐదు రెట్ల వరకు, కామెర్లు లేవని చూసుకుని, తరచూ పరీక్షిస్తూ కొనసాగిస్తారు. అంటే అదే 140, వాంతులుంటే ఆపాల్సిన అంకె, లేకపోతే కనిపెట్టుకుని ఉండాల్సిన అంకె. ఆ వాంతిని తాగుడు ఖాతాలో వేసి డాక్టరుకు చెప్పకపోతే లెక్క మొత్తం తప్పుతుంది.

కాబట్టి వాంతి అయితే, రాత్రి తాగారా లేదా అన్నది పక్కన పెట్టండి. తర్వాతి మోతాదు వేసుకోకుండా అదే రోజు డాక్టరును కలిసి, ఎంత తాగారో కూడా దాచకుండా చెప్పండి. మూత్రం రంగును నమ్ముకోవద్దు, రిఫాంపిసిన్ ఎలాగూ దాన్ని ఎర్రగా మారుస్తుంది. పగటి వెలుతురులో కంటి తెల్లగుడ్డు చూసుకోండి. అది పచ్చబడితే కామెర్లే. కానీ పచ్చబడేదాకా ఆగడం ఆలస్యమే. తలనొప్పికని పారాసెటమాల్ సొంతంగా వేసుకోవద్దు, అదీ అదే గ్లూటాథయోన్‌ను ఖర్చు చేస్తుంది.

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు మాత్రం ఇది చదివి ఈ రాత్రే ఒక్కసారిగా మానేయకూడదు. ఆపిన రెండు రోజుల్లోపే వణుకు, మూర్ఛలు రావచ్చు. మానడం తప్పనిసరే, అయితే డాక్టరు పర్యవేక్షణలో. ఆపిన టీబీ మందుల్ని ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టే వరుస 5వ పాఠంలో.