రీజనింగ్ నేర్చుకుందాం – 4వ భాగం: పోలిక పరీక్ష, భిన్న పరీక్ష

గత భాగంలో కోడింగ్, డీకోడింగ్ చూశాం. అక్కడ అక్షరాలు ఎన్ని స్థానాలు జరిగాయో లెక్కపెడితే సరిపోయేది. పోలిక పరీక్షలో లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. రెండు మాటల మధ్య సంబంధం ఏమిటో మనమే చెప్పుకోవాలి. అందుకే ఈ పాఠంలో ఒక నియమం పెడుతున్నాను. ప్రతి జవాబు పక్కన ఆ సంబంధాన్ని ఒక పూర్తి వాక్యంగా రాయండి. వాక్యం లేకపోతే జవాబు సరైనదైనా మార్కు వేసుకోవద్దు. ఎందుకో మొదటి లెక్కలోనే తెలుస్తుంది.

కుమ్మరి : సారె :: నేతకారుడు : ?
(ఎ) నూలు (బి) చీర (సి) మగ్గం (డి) సంత

ముందు ఆప్షన్లను చేత్తో మూసేయండి. మొదటి జంటను మాత్రమే చూసి వాక్యం రాయండి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది మొదట "కుమ్మరికి సారె కావాలి" అని రాస్తారు. ఇప్పుడు చెయ్యి తీసి చూడండి. నేతకారుడికి నూలు కావాలి, మగ్గం కావాలి, సరుకు అమ్ముకోవడానికి సంత కూడా కావాలి. మూడు ఆప్షన్లు సరిపోయాయంటే వాక్యం మరీ వదులుగా ఉందన్నమాట. దాన్ని బిగించాలి. "కుమ్మరి తన వస్తువును సారె మీద తయారు చేస్తాడు." నేతకారుడు తన వస్తువును మగ్గం మీద తయారు చేస్తాడు. నూలు ముడిసరుకు, కాబట్టి అది మట్టికి జోడీ. చీర తయారైన వస్తువు, అది కుండకు జోడీ. జవాబు (సి).

ఇదే ప్రశ్నలో సారె తీసి మట్టి పెడితే జవాబు నూలు అవుతుంది, కుండ పెడితే చీర అవుతుంది. ఆప్షన్లు మారలేదు, నేతకారుడూ మారలేదు, అయినా జవాబు మారింది. "నేతకారుడు అనగానే మగ్గం గుర్తొచ్చింది" అని పెట్టినవాళ్లకు ఇక్కడ మార్కు వస్తుంది, మిగతా రెండు చోట్లా పోతుంది. తప్పు ఎక్కడ జరిగిందో కూడా వాళ్లకు తెలియదు.

ఒక్కోసారి బిగించిన వాక్యం కూడా మోసం చేస్తుంది. ఇది చూడండి.

శ్రీశైలం ప్రాజెక్టు : కృష్ణ :: శ్రీరాంసాగర్ ప్రాజెక్టు : ?
(ఎ) మంజీర (బి) గోదావరి (సి) పెన్నా (డి) తుంగభద్ర

"ఈ ప్రాజెక్టులోకి ఈ నది నీళ్లు వస్తాయి" అని రాస్తే మంజీర కూడా సరిపోతుంది. ఎందుకంటే శ్రీరాంసాగర్‌కు ఎగువన కందకుర్తి దగ్గర మంజీర గోదావరిలో కలుస్తుంది. "ఈ ప్రాజెక్టును ఈ నది మీద కట్టారు" అని రాస్తే గోదావరి ఒక్కటే మిగులుతుంది. వాక్యంలోని క్రియ సరిగ్గా ఉండాలి. వస్తాయి, కట్టారు అనే ఆ ఒక్క మాటలోనే మార్కు ఉంది.

ఇక దిశ సంగతి. నూనె : వేరుశనగ :: పిండి : ? అని ఇచ్చి రొట్టె, గోధుమలు, జల్లెడ, పెనం ఆప్షన్లుగా పెడితే ఎక్కువమంది రొట్టె పెడతారు. మొదటి జంటలో తయారైనది ముందు ఉంది, ముడిసరుకు వెనక ఉంది. "నూనెను వేరుశనగ నుంచి తీస్తారు." అదే వరుసలో "పిండిని గోధుమల నుంచి తీస్తారు." రొట్టె పెడితే వాక్యం తిరగబడుతుంది. మాటలు ఇచ్చిన వరుసలోనే వాక్యం రాస్తే ఈ తప్పు జరగదు.

భిన్న పరీక్షలో వాక్యానికి ఇంకా ఎక్కువ పని ఉంటుంది. అక్కడ వాక్యం మూడింటికి నిజం కావాలి, నాలుగోదానికి అబద్ధం కావాలి. ఈ రెండో సగాన్ని పరీక్షించకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ.

మృదంగం, తబలా, డప్పు, ఘటం. వీటిలో వేరుగా ఉన్నది ఏది?

ఒక సాయంత్రం క్లాసులో ఈ ప్రశ్న ఇస్తే మూడు జవాబులు వచ్చాయి. ఒక అమ్మాయి ఘటం అంది: మిగతా మూడింటికీ చర్మం బిగించి ఉంటుంది, ఘటం ఉత్త మట్టికుండ. ఇంకొకరు డప్పు అన్నారు: మిగతావి శాస్త్రీయ సంగీత కచేరీల్లో వాయిస్తారు. మూడో అబ్బాయి తబలా అన్నాడు: అది హిందుస్తానీ వాద్యం, మిగతావి మన దక్షిణాదివి. నిజం చెప్పాలంటే మూడు వాక్యాలూ పరీక్షకు నిలబడ్డాయి. మూడింటికి నిజం, ఒకదానికి అబద్ధం.

అప్పుడు ఏది ఎంచుకోవాలి? వస్తువు తయారీలోనే ఉన్న తేడాకు మొదటి చోటు ఇవ్వండి. దాన్ని ఎక్కడ వాడతారు, ఎవరు వాడతారు అనేవి ఆ తర్వాత. డప్పును రేపు కచేరీ వేదిక మీద వాయించవచ్చు, వాయిస్తున్నారు కూడా. ఘటానికి మాత్రం చర్మం రాదు. పైగా వాద్యాలను పాతకాలం నుంచీ విభజించేది శబ్దం ఎలా పుడుతుందన్నదాన్ని బట్టే. తీగతో మోగేవి తత వాద్యాలు, చర్మంతో మోగేవి అవనద్ధ వాద్యాలు, గాలితో మోగేవి సుషిర వాద్యాలు, ఒళ్లే మోగేవి ఘన వాద్యాలు. నాట్యశాస్త్రంలో ఉన్న విభజన ఇదే. ఘటం ఘన వాద్యం, మిగతావి అవనద్ధ వాద్యాలు. కాబట్టి ఘటం పెట్టడం న్యాయం.

అయినా ఇది మంచి ప్రశ్న కాదని నా అభిప్రాయం. తబలా అన్న అబ్బాయి తప్పుగా ఆలోచించలేదు. ఘటం తీసేసి వేణువు పెట్టి చూడండి: మృదంగం, తబలా, డప్పు, వేణువు. ఇప్పుడు చర్మం లెక్కన చూసినా, కొట్టి వాయించడమా నోటితో ఊదడమా అని చూసినా, తాళం వేస్తుందా రాగం పలికిస్తుందా అని చూసినా వేణువే వస్తుంది. దారులన్నీ ఒకే జవాబుకు చేరుతున్నాయంటే ప్రశ్న గట్టిగా ఉన్నట్టు. మీ పిల్లలకు ఇంట్లో ప్రశ్నలు తయారు చేసేటప్పుడు ఇలా ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు వర్క్‌షీట్. కింది జవాబులు చూడకుండా, ముందు మీ వాక్యాలు నోట్‌బుక్‌లో రాయండి.

1. నాగలి : దున్నడం :: కొడవలి : ? (రైతు, కోయడం, పంట, పదును)
2. కూచిపూడి : నృత్యం :: కొండపల్లి : ? (కోట, కొయ్య, బొమ్మలు, కొండ)
3. ఆశ్వయుజం : శరత్తు :: చైత్రం : ? (ఉగాది, వైశాఖం, వసంతం, గ్రీష్మం)
4. వేరుగా ఉన్నది: ఇంద్రావతి, మంజీర, మూసీ, ప్రాణహిత
5. వేరుగా ఉన్నది: ఉత్పలమాల, ఆటవెలది, శార్దూలం, చంపకమాల

జవాబులు, సంబంధాలు:

1. కోయడం. నాగలితో చేసే పని దున్నడం, కొడవలితో చేసే పని కోయడం. పంట అన్నది కోయబడేది, పని కాదు.

2. బొమ్మలు. కూచిపూడి ఊరి పేరుతోనే ఒక నృత్యం ప్రసిద్ధమైంది, కొండపల్లి ఊరి పేరుతో బొమ్మలు ప్రసిద్ధమయ్యాయి. కొండపల్లిలో కోట కూడా ఉంది, అందుకే ఆ ఆప్షన్ లాగుతుంది. కానీ మొదటి జంటలో ఉన్నది కట్టడం కాదు, కళ. కొయ్య ఆ బొమ్మలకు ముడిసరుకు.

3. వసంతం. ఆశ్వయుజ మాసం శరదృతువులో వస్తుంది, చైత్ర మాసం వసంత ఋతువులో వస్తుంది. ఉగాది చైత్రంలోనే వచ్చినా అది పండుగ, ఋతువు కాదు.

4. మూసీ. మిగతా మూడూ గోదావరిలో కలుస్తాయి, మూసీ కృష్ణలో కలుస్తుంది. "మూసీ హైదరాబాద్ మీదుగా పారుతుంది" అని రాసినవాళ్లకు జవాబు సరిపోయింది కానీ వాక్యం సరిపోలేదు. మిగతా మూడింటిని కలిపేది ఏమిటో అందులో లేదు.

5. ఆటవెలది. మిగతా మూడూ వృత్తాలు, ఆటవెలది ఉపజాతి. ప్రాస నియమం చూసినా అదే వస్తుంది: మూడు వృత్తాలకూ ప్రాస తప్పనిసరి, ఆటవెలదికి కాదు.

వచ్చే భాగం దాకా ఒక ప్రశ్న మీ దగ్గర ఉంచుతున్నాను. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి. వేరుగా ఉన్నది ఏది? "పాలు ద్రవం" అని రాయకండి, కాచిన నెయ్యి కూడా ద్రవమే. ఇంకా బిగువైన వాక్యం వెతకండి.